వైట్‌బోర్డు ఫోటోలో సగం చెరిగిన రాతను ఎలా చదివాను

సోమవారం ఉదయం నాకు ఒక మీటింగ్‌లో వాడిన వైట్‌బోర్డు ఫోటో పంపి, దాని ఆధారంగా డిజైన్ డాక్యుమెంట్ రాయమన్నారు. శుక్రవారం సాయంత్రం జరిగిన ఆ మీటింగ్‌లో నేను లేను. ఆన్‌లైన్ అమ్మకాల సిస్టమ్‌లో ఆర్డర్ వచ్చాక ఏ పని తర్వాత ఏ పని జరగాలో అందులో నిర్ణయించారు. నోట్స్ ఎవరూ రాసుకోలేదు. మీటింగ్ నడిపిన మేడమ్ ఆ రాత్రే సెలవు మీద వెళ్లారు, గురువారం దాకా ఫోన్‌కి దొరకరు. డాక్యుమెంట్ మాత్రం శుక్రవారానికి కావాలి. ఎవరో తీసుకున్న నిర్ణయాన్ని నేను రాయాలి, నేను రాసిందే రేపు కోడ్ అవుతుంది. ఈ ఆలోచనతో మొదటి గంట టెన్షన్‌లోనే గడిచింది.

ఫోటోలో ముఖ్యంగా ఉన్నవి ఇవి. ఎడమ నుంచి కుడికి నలుపు మార్కర్‌తో నాలుగు బాక్సులు: ఆర్డర్, పేమెంట్, స్టాక్, డిస్పాచ్. ఆర్డర్ నుంచి పేమెంట్‌కి, పేమెంట్ నుంచి స్టాక్‌కి నల్ల బాణాలు, స్టాక్‌కీ డిస్పాచ్‌కీ మధ్య ఒక గీత. స్టాక్ అడుగు నుంచి పేమెంట్ అడుగుకి వంపుగా వెనక్కి వెళ్లే ఆకుపచ్చ బాణం ఒకటి. ఇంకా కిందికి, ఎరుపులో ‘పార్షియల్’ అని ఒక బాక్స్, పక్కన పెద్ద ప్రశ్నార్థకం. కుడివైపు పై మూలలో ట్యూబ్‌లైట్ మెరుపు. ఇదంతా ఎవరైనా రెండు నిమిషాల్లో చదివేయగలరు.

అసలు చిక్కు వీటి వెనక ఉంది. బోర్డంతా అడ్డం నిలువు గీతలతో బూడిద రంగులో ఏదో పట్టిక మరక. ఆర్డర్ నుంచి పేమెంట్‌ను దాటి నేరుగా స్టాక్ మీదికి వెళ్లే, చెరిపేసిన బాణం ఛాయ. స్టాక్ బాక్స్ ఎడమ కింది మూలలో సగం పోయిన ఒక చిన్న రాత: ఏదో అంకె, దాని తర్వాత 5, తర్వాత ‘ని’ లాంటిది.

ఆ చిన్న రాత దగ్గరే నేను ఆగిపోయాను. చెరిగిన రాతకు మూడు అర్థాలు ఉండొచ్చు. పాత మీటింగ్‌ది సరిగ్గా తుడవక మిగిలి ఉండొచ్చు, అప్పుడు దాన్ని పట్టించుకోనక్కర్లేదు. ఈ మీటింగ్‌లోనే రాసి, వద్దనుకుని చెరిపి ఉండొచ్చు, అప్పుడు అది కాదన్న ఆలోచన. లేదా ఎవరి చెయ్యో తగిలి పోయి ఉండొచ్చు, అప్పుడు ఆ మాట ఇంకా అమల్లో ఉన్నట్టే. ఫోటోలో మూడూ ఒకేలా మసకగా కనిపిస్తాయి. డాక్యుమెంట్‌లో మాత్రం ఒకటి రాయకూడదు, ఒకటి ‘వద్దనుకున్నవి’ కింద రాయాలి, ఒకటి తప్పనిసరిగా రాయాలి.

డెవలపర్ అబ్బాయి అప్పటికే దాన్ని తనకు తోచినట్టు చదివేశాడు. “15 నిమిషాలండీ. స్టాక్‌ను 15 నిమిషాలు హోల్డ్ చేసి పెట్టాలి. బాక్స్ పక్కనే రాశారు కదా, మొదలుపెట్టేయనా?” అని అడిగాడు. బుధవారం దాకా ఆగమన్నాను.

సోమవారం మధ్యాహ్నం ఫోటోను పక్కన పెట్టుకుని కాగితం మీదికి ఎక్కించాను. ఇక్కడ నేను పాటించే పద్ధతి ఒకటుంది: అర్థం గురించి ఆలోచించకుండా ముందు కనిపించింది మాత్రమే రాసుకోవడం. ప్రతి బాణానికి ఒక వాక్యం. ఎక్కడ మొదలైంది, ఎక్కడ ఆగింది, తల ఏ వైపుంది, ఏ రంగు, పక్కన ఏం రాసుంది. ఇలా రాస్తుంటేనే స్టాక్‌కీ డిస్పాచ్‌కీ మధ్య గీతకు తల కనిపించడం లేదని తెలిసింది. మొదటిసారి చూసినప్పుడు నా కన్ను అక్కడ తలను తానే ఊహించుకుంది, ఎందుకంటే మిగతా నల్ల బాణాలన్నీ కుడివైపుకే వెళ్తున్నాయి. తల ఉండాల్సిన చోట ట్యూబ్‌లైట్ మెరుపు పడింది. కాగితం మీద ‘తల కనిపించడం లేదు’ అనే రాశాను.

నాకు వచ్చిన ఫోటో చాట్‌లో చేతులు మారి వచ్చింది. అలా వచ్చేటప్పుడు చాట్ యాప్‌లు ఫోటోను చిన్నది చేసి, గట్టిగా కుదిస్తాయి. మామూలు ఫోటోలకు అది పెద్ద నష్టం కాదు కానీ వైట్‌బోర్డు మరకలకు చాలా నష్టం. జేపెగ్ ఫైళ్లలో సాధారణంగా వెలుగు వివరాలను పూర్తిగా ఉంచి, రంగు వివరాలను తక్కువ రిజల్యూషన్‌లో దాస్తారు. మన కళ్లు రంగులోని సన్నని తేడాలను అంతగా పట్టవు కాబట్టి అది చెల్లుతుంది. కానీ సన్నగా, పలచగా మిగిలిన మార్కర్ గీత రంగు ఆ సర్దుబాటులో చుట్టూ ఉన్న తెలుపులో కలిసిపోతుంది. చివరికి ఆకుపచ్చ మరకా నల్ల మరకా ఒకే బూడిద రంగుగా కనిపిస్తాయి. నాకు కావలసింది సరిగ్గా ఆ తేడానే.

అందుకే సోమవారం సాయంత్రం మీటింగ్‌కి వెళ్లిన అందరికీ ఒకే మెసేజ్ పెట్టాను: మీ ఫోన్‌లో ఆ బోర్డు ఫోటో ఏదైనా ఉంటే, మధ్యలో తీసింది అయినా, వంకరగా వచ్చింది అయినా సరే, చాట్‌లో ఫోటోగా కాకుండా ఫైల్‌గా పంపండి. ‘మంచి ఫోటో ఉందా’ అని అడిగితే లేదనే అంటారు. అందుకని చెడ్డ ఫోటోలనే అడిగాను.

జవాబుల కోసం చూస్తూ మంగళవారం పొద్దున్నే ఆ గదికి వెళ్లాను. బోర్డు తుడిచేశారని తెలుసు. అయినా వెళ్లడానికి కారణం ఉంది. వైట్‌బోర్డు మార్కర్ సిరాలో రంగుతో పాటు, అది బోర్డుకు గట్టిగా పట్టుకోకుండా చూసే నూనె లాంటి పదార్థం కలుపుతారు. కొన్ని గంటల్లో తుడిస్తే దాదాపు మొత్తం వచ్చేస్తుంది. రోజుల తరబడి వదిలేస్తే, అందులోనూ గీతలు పడి అరిగిన బోర్డు మీద, రంగు ఆ సన్నని గాళ్లలో కూర్చుని ఉత్త డస్టర్‌కి రాదు. అంటే పాత మరక ఇంకా బోర్డు మీదే ఉండాలి, శుక్రవారం నాటిది చాలావరకు పోయి ఉండాలి.

గదిలో లైట్లు ఆపేసి, ఫోన్ టార్చిని బోర్డుకు దాదాపు ఆనించి పక్క నుంచి వేశాను. ఎదురుగా వేస్తే తెల్లటి వెలుగు తప్ప ఏమీ కనపడదు, పక్క నుంచి వేస్తే అరిగిన చోట్లు, మరకలు తేలతాయి. అడ్డం నిలువు గీతల పట్టిక ఫోటోలో ఎంత మసకగా ఉందో అంతే మసకగా అక్కడే ఉంది. బాక్సులు, బాణాలు లేవు. స్టాక్ ఉండాల్సిన చోటు కింద ఏ అంకే లేదు. దీంతో పట్టిక మొత్తం పాతదని తేలింది, లెక్కలోంచి తీసేశాను. చెరిగిన బాణం, ఆ చిన్న రాత మాత్రం శుక్రవారానివే అయ్యే అవకాశం ఎక్కువ. గది శుభ్రం చేసే ఆవిడ అటుగా వచ్చి, “ఆ గీతలు ఎంత తుడిచినా పోవు సార్, చాన్నాళ్ల నుంచి ఉన్నాయి” అన్నారు. నా అంచనాకు అంతకన్నా మంచి సాక్ష్యం దొరకదు.

మంగళవారం మధ్యాహ్నానికి అసలు ఫైల్ వచ్చింది. చాట్‌లో వచ్చిన దానితో పోలిస్తే ఎంతో పెద్దది. తీసిన సమయం కూడా అందులో ఉంది, చాట్ కాపీలో ఆ వివరం లేదు.

```
exiftool -DateTimeOriginal board.jpg
```

17:42 అని చూపించింది. మీటింగ్ చివర్లో తీసిందన్నమాట.

తర్వాత ఇమేజ్‌మ్యాజిక్ టూల్‌తో వెలుగును సమం చేశాను. బోర్డు ఫోటోలో ఒక మూల తెల్లగా, ఇంకో మూల నీడగా ఉంటుంది కాబట్టి మొత్తానికి ఒకే కాంట్రాస్ట్ పెంచితే సగం బోర్డు నల్లబడిపోతుంది. దానికి బదులు ఫోటోను బాగా మసక చేసి, అసలు ఫోటోను ఆ మసక కాపీతో భాగిస్తే, వెలుగు తేడాలు పోయి గీతలు మిగులుతాయి. ఆ తర్వాత పలచటి మరకలను పైకి తేవాలి.

```
magick board.jpg \( +clone -blur 0x40 \) -compose Divide_Src -composite flat.png
magick flat.png -level 80%,100% ghost.png
```

రెండో ఆదేశం 80 శాతం వెలుగు కన్నా ముదురుగా ఉన్నవన్నిటినీ పూర్తి నలుపు చేసి, ఆ పైన ఉన్న సన్నని తేడాలను సాగదీస్తుంది. మొదటిసారి ఆ చిత్రం తెరిచినప్పుడు గుండె ఝల్లుమంది, ఎక్కడ చూసినా రాతలే. కానీ వాటిలో చాలావరకు రాతలు కావు. జేపెగ్ బొమ్మను 8×8 పిక్సెళ్ల గడులుగా కుదిస్తుంది, ముదురు గీత పక్కన ఆ గడుల్లో చిన్న అలల్లాంటి మచ్చలు మిగులుతాయి. వీటిని గుర్తుపట్టడం తేలికే: బాగా పెద్దది చేసి చూస్తే అవి ముదురు గీతల పక్కనే ఉంటాయి, గడి అంచు దగ్గర టక్కున ఆగిపోతాయి. నిజమైన మరక గడులను లెక్కచేయకుండా చేతి ఊపుతో సాగిపోతుంది. మెరుపు పడిన చోట మాత్రం ఏం చేసినా ఏమీ రాలేదు. అక్కడ కెమెరాకు అందింది తెలుపు ఒక్కటే కాబట్టి, దాన్నుంచి బాణం తల తిరిగి తేవడం కుదరదు.

ఇక చెరిపిన తీరు చూశాను. నాకు ఎక్కువ చెప్పింది ఇదే. ఆర్డర్ నుంచి స్టాక్‌కి వెళ్లే బాణం చెరిగిన పట్టీ వేలి వెడల్పులో ఉంది, బాణం వంపు వెంటే వెళ్లింది. దానికి అతి దగ్గరగా ఉన్న పేమెంట్ బాక్స్ పై గీతకు ఏమీ కాలేదు. అంటే ఎవరో చూసి, జాగ్రత్తగా, ఆ బాణాన్ని మాత్రమే తుడిచారు. అది నిర్ణయం. పైగా పేమెంట్ నుంచి స్టాక్‌కి వెళ్లే కొత్త బాణం కొస ఆ చెరిగిన పట్టీ మీదుగా వెళ్తూ కూడా చెక్కుచెదరలేదు. తుడిచిన తర్వాతే దాన్ని గీశారు.

చిన్న రాత చెరిగిన తీరు పూర్తిగా వేరు. అక్కడి పట్టీ ఏటవాలుగా, అరచేతి అంచు వెడల్పులో ఉంది. అది ఆ రాత ఒక్కదాన్నే కాదు, స్టాక్ బాక్స్ అడుగు గీతనూ, ఆకుపచ్చ బాణం మొదలునూ కూడా కాస్త తినేసింది. బాక్స్ అడుగు గీతను ఎవరూ కావాలని చెరపరు. పట్టీ కింది కొస ఎర్రటి ‘పార్షియల్’ పైన ఆగింది. ఆ ఎర్ర రాత రాసిన చెయ్యే పైన తగిలి ఉండాలి. కాబట్టి అది పొరపాటున పోయిన రాత. ఆ మాట అమల్లోనే ఉంది.

మరి ఆ మాట దేని గురించి? బాక్స్ మూలకు ఎంత దగ్గరో, ఆకుపచ్చ బాణం మొదలుకూ అంతే దగ్గర. బాక్స్‌కి చెందితే ‘స్టాక్‌ను ఇన్ని నిమిషాలు పట్టి ఉంచు’. బాణానికి చెందితే, అది స్టాక్ నుంచి పేమెంట్‌కి వెనక్కి వెళ్తోంది కాబట్టి, ‘స్టాక్ లేకపోతే ఇన్ని నిమిషాల్లో డబ్బు తిరిగివ్వు’. రెండూ పూర్తిగా వేరే పనులు.

అసలు ఫైల్ కోసం అంత పట్టుబట్టింది ఇందుకే. రంగు ఛానెళ్లను విడదీశాను.

```
magick flat.png -channel R -separate red.png
magick flat.png -channel G -separate green.png
```

నల్ల సిరా రెండు చిత్రాల్లోనూ ఒకేలా ముదురుగా ఉంటుంది. ఆకుపచ్చ సిరా ఎరుపు ఛానెల్‌లో ముదురుగా, ఆకుపచ్చ ఛానెల్‌లో పలచగా కనిపిస్తుంది. ముందు ఎలాంటి సందేహం లేని ఆకుపచ్చ బాణం మీద, నల్ల బాక్స్ మీద చూసి ఈ బోర్డు మార్కర్లు అలాగే ఉన్నాయని సరిచూసుకున్నాను. తర్వాత ఆ చిన్న రాత. ఎరుపు ఛానెల్‌లో 5 స్పష్టంగా ఉంది, ‘ని’ సగం ఉంది. ఆకుపచ్చ ఛానెల్‌లో దాదాపు మాయమైంది. ఆ రాత ఆకుపచ్చది, అంటే బాణానిది! కుర్చీలోంచి లేచి రెండడుగులు నడిచి వచ్చాను, మనసు అంత తేలికపడింది. చాట్‌లో వచ్చిన కాపీ మీద ఇదే చేసి చూస్తే రెండు ఛానెళ్లలోనూ ఒకే బూడిద మచ్చ.

మిగిలింది మొదటి అంకె. దాని కింది భాగం మాత్రమే ఉంది, నిటారుగా ఒక చిన్న గీత. అదే చేతిరాతలో బోర్డు మీద ఇంకో చోట ‘రోజుకు 700’ అని ఉంది. ఆ 7 కాలు ఎడమకు బాగా వాలి ఉంది, కాబట్టి ఇది 7 కాదు. 1 కావచ్చు, 4 కావచ్చు, 4కి కూడా నిటారు కాలే ఉంటుంది. ఎంత పెద్దది చేసినా ఇంతకన్నా తెలియలేదు. కాగితం మీద ‘15 లేదా 45’ అని రాసి వదిలేశాను. డెవలపర్ అబ్బాయి వచ్చి, “15 అనే కదండీ అందరూ అంటున్నారు” అన్నాడు. అందరూ అనడం నన్ను కూడా కాస్త లాగింది, అయినా ఫోటోలో లేనిదాన్ని ఉన్నట్టు రాయలేను.

బుధవారం, మీటింగ్ మధ్యలో తీసిన ఫోటో ఒకటి నాకు వచ్చింది. పంపినాయన “ఇది పనికిరాదేమో, ఎవరిదో భుజం అడ్డొచ్చింది” అని కూడా రాశారు. సమయం 16:50. డిస్పాచ్ వైపంతా ఆ భుజం వెనక ఉంది. కానీ ఎడమ సగంలో, తర్వాత చెరిపేసిన బాణం నల్లగా, తాజాగా ఉంది. దాని పైన నలుపులోనే ‘15 ని’ అని కూడా ఉంది! స్టాక్ బాక్స్ ఎడమ కింది మూల మాత్రం ఖాళీ. ఆకుపచ్చ బాణం ఇంకా పుట్టలేదు. మళ్లీ 17:42 ఫోటో దగ్గరికి వెళ్లి ghost.png లో ఆ పై చోటు చూస్తే, వేలితో తుడిచిన అదే పట్టీలో ఆ 15 ఛాయ పలచగా దొరికింది. ఎక్కడ చూడాలో తెలియకముందు అది కంటికి ఆనలేదు.

అంటే బోర్డు మీద రెండు వేర్వేరు సమయాల మాటలున్నాయి. మొదట, డబ్బు కట్టకముందే స్టాక్‌ను 15 నిమిషాలు హోల్డ్ చేద్దామనుకున్నారు. తర్వాత ఆ బాణాన్నీ దాని 15నీ కలిపి చెరిపేశారు. పేమెంట్ అయ్యాకే స్టాక్ తగ్గించాలని గీసి, స్టాక్ లేకపోతే డబ్బు వెనక్కి వెళ్లే దారిని ఆకుపచ్చలో పెట్టి, దానికి కొత్త గడువు రాశారు. జనం గుర్తుపెట్టుకున్న 15 అబద్ధం కాదు, కానీ వద్దనుకున్న డిజైన్‌ది.

అదే రోజు ఇద్దరిని విడివిడిగా అడిగాను. నా అనుమానం చెప్పకుండా, ఫోటో చూపకుండా, “స్టాక్ లేకపోతే డబ్బు సంగతి ఏమనుకున్నారు?” అని మాత్రం అడిగాను. వేర్‌హౌస్ పని చూసే సార్ వెంటనే, “15 నిమిషాలు పట్టి ఉంచుతాం కదండీ, లేకపోవడం ఎందుకుంటుంది” అన్నారు. ఆయన ఐదు గంటలకే వేరే పని మీద మీటింగ్ నుంచి లేచి వెళ్లిపోయారని తర్వాతి మాటల్లో తెలిసింది. రెండో ఆవిడకు రిఫండ్ గుర్తుంది, గడువు గుర్తులేదు.

గురువారం సాయంత్రం మేడమ్ ఫోన్ ఎత్తారు. సెలవులో ఉన్న మనిషిని ఎక్కువసేపు ఆపకూడదని ముందే ప్రశ్నలు రాసి పెట్టుకున్నాను. ఆకుపచ్చ బాణం గడువు ఎంత? స్టాక్ నుంచి డిస్పాచ్‌కి గీత ఏ వైపు? పార్షియల్ తేలిందా? “రిఫండ్ 45 నిమిషాల్లోపు మొదలవ్వాలి. హోల్డ్ తీసేశాం, డబ్బు కట్టకుండా వదిలేసేవాళ్ల వల్ల స్టాక్ ఊరికే ఇరుక్కుపోతుందని. డిస్పాచ్ ముందుకే. పార్షియల్ తేలలేదు, టైం అయిపోయింది” అన్నారు. పిల్లల గొంతులు వెనక వినిపిస్తుండగా ఇంత వివరంగా చెప్పినందుకు ఆవిడకు నిజంగా రుణపడ్డాను.

ఆ రాత్రే డాక్యుమెంట్ రాశాను. బోర్డు మీద స్పష్టంగా ఉన్నవి నిండు గీతతో, మేడమ్ నోటి మాటతో తెలిసినవి పక్కన ఆ మాట రాసి, చెరిపేసిన హోల్డ్‌ను ‘ఆలోచించి వద్దనుకున్నవి’ కింద కారణంతో సహా పెట్టాను. పార్షియల్ బాక్స్‌ను ప్రశ్నార్థకంతోనే ఉంచాను. రెండు అసలు ఫోటోలనూ జత చేసి శుక్రవారం ఉదయం పంపాను.

మధ్యాహ్నానికి వేర్‌హౌస్ సార్ నుంచి ఫోన్. “హోల్డ్ తీసేశారా? నాకు తెలియదండీ. చివరి వస్తువుకి ఇద్దరు డబ్బు కడితే?” అన్నారు. ఆకుపచ్చ బాణం దానికోసమే గీశారని, రెండో మనిషికి 45 నిమిషాల్లో డబ్బు వెనక్కి మొదలవుతుందని చెప్పాను. కాసేపు ఆలోచించి, రోజులో అలాంటివి ఎన్ని వస్తాయో తన లెక్కల్లో చూసుకుని సోమవారం మాట్లాడదామన్నారు.

ఆ సోమవారం మీటింగ్ మొదలవ్వకముందే గదికి వెళ్లి, పాత పట్టిక మరకతో ఉన్న ఖాళీ బోర్డును ఫోటో తీశాను. ట్యూబ్‌లైట్ మెరుపు బోర్డు బయటికి పోయేదాకా పక్కకు జరిగి నిలబడి తీశాను. మధ్యలో ఎవరైనా డస్టర్ అందుకున్న ప్రతిసారీ “ఒక్క నిమిషం” అని ఇంకో ఫోటో తీసుకున్నాను, ఎవరూ విసుక్కోలేదు. సార్ తన లెక్కలు చూపించి హోల్డ్ లేకుండానే సరే అన్నారు. పార్షియల్ కూడా తేలింది: ఉన్న వస్తువులు ముందు పంపాలి, లేనివాటి డబ్బు మాత్రం అదే 45 నిమిషాల దారిలో వెనక్కి వెళ్లాలి.